ఫెడరేటెడ్ లెర్నింగ్

ఫెడరేటెడ్ లెర్నింగ్ అంటే వాడుకరుల డేటాను సర్వర్‌కు రప్పించకుండా, నమూనానే ఫోన్లకు పంపి శిక్షణ ఇచ్చే పద్ధతి. గూగుల్ పరిశోధకులు దీన్ని 2016లో ప్రతిపాదించారు. 2017లో జీబోర్డ్ కీబోర్డుపై పరీక్షిస్తున్నట్లు ఆ సంస్థ ప్రకటించింది. ఫోన్ చార్జింగ్‌లో, వైఫైలో, వాడకుండా ఉన్నప్పుడు నమూనా దిగుతుంది. టైపు చేసిన వాక్యాలతో అక్కడే శిక్షణ పొందుతుంది. నమూనాలో మారిన అంకెలు మాత్రమే సర్వర్‌కు వెళ్తాయి, అక్కడ వాటి సగటు తీస్తారు.

వెళ్లేవి అంకెలే కాబట్టి గుట్టు భద్రమేననే వాదన నిలవదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అనే మాటలకు నమూనా పదపట్టికలో తలా ఒక వరుస ఉందనుకుందాం. ఇన్‌పుట్ పట్టిక విడిగా ఉన్న నమూనాలో, ఫోన్‌లో వాడిన పదాల వరుసలే మారతాయి. కోదాడ వరుస మారి మిగతా రెండూ మారకపోతే, ఆ ఫోన్‌లో ఏ ఊరి పేరు టైపయిందో సర్వర్‌కు తెలిసిపోతుంది, వాక్యం చదవనక్కర్లేదు. గ్రేడియంట్ల నుంచి బొమ్మలను, వాక్యాలను తిరిగి రాబట్టవచ్చని 2019లో ఝు, లియు, హాన్ అనే పరిశోధకులు చూపించారు.

సెక్యూర్ అగ్రిగేషన్‌లో ప్రతి ఫోనూ తన అంకెలకు ముసుగు వేస్తుంది. సర్వర్‌కు మొత్తం మాత్రమే కనిపిస్తుంది. అయినా ఒక్కరే వాడిన అరుదైన పదం ఆ మొత్తంలోనూ బయటపడుతుంది. దీనికి మందు డిఫరెన్షియల్ ప్రైవసీ: ఒక్కో ఫోన్ ప్రభావానికి హద్దు పెట్టి, యాదృచ్ఛిక అంకెలు కలుపుతారు. మూల్యం కూడా ఉంది: కొద్దిమందే వాడే ఊరి పేర్లను నమూనా సరిగా నేర్చుకోలేదు.