భైరవకోనకు పిల్లలతో వెళ్ళేముందు



సెలవులొస్తే పిల్లలు గుహలు చూడాలంటారు. నెల్లూరు వైపు వాళ్ళకు అందుబాటులో ఉన్నది భైరవకోన. ఆత్మకూరు, ఉదయగిరి దాటి, సీతారామపురం మీదుగా వెళ్ళాలి. ఒకప్పుడు ఆ ప్రాంతమంతా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు విడిపోయింది. అయినా మా వాళ్ళకి అది మన కోనే.

అక్కడికి వెళ్ళేముందు పిల్లలకి ఒక్క సంగతి చెప్పండి. గుహలు రెండు రకాలు. నీళ్ళు తొలిచినవి కొన్ని, మనుషులు తొలిచినవి కొన్ని. బెలుం గుహలు మొదటి రకం. అక్కడి కొండ సున్నపురాయి. వాన నీటిలో ఉండే కొద్దిపాటి పులుపుకి ఆ రాయి లక్షల ఏళ్ళలో మెల్లగా కరిగి, లోపల 3,229 మీటర్ల సొరంగాలు ఏర్పడ్డాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే ఆంగ్లేయుడు వాటిని గురించి రాశాడు. 2002 నుంచి మామూలు జనాన్ని లోపలికి పంపుతున్నారు.

మన ఉదయగిరి వైపు వెలికొండలు అలా కాదు. నూరు కోట్ల ఏళ్ళకు పూర్వం సముద్రంలో పేరుకున్న ఇసుక, బురద గట్టిపడి ఇనుములాంటి ఇసుకరాయిగా, పలకరాయిగా మారాయి. ఈ రాయి నీళ్ళకు కరగదు. మెత్తని పొర కిందినుంచి అరిగిపోతే, పైనున్న గట్టి పొర నిలువునా విరిగి పడుతుంది. అందుకే ఇక్కడ లోతైన గుహల కన్నా నిలువు కొండచరియలూ, జలపాతాలూ ఎక్కువ. ఉదయగిరి దుర్గాన్ని కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి, 1514లో గాని పట్టుకోలేకపోయాడంటే ఆ చరియల బలం కూడా కొంత ఉందన్నమాట.

మరి భైరవకోన గుహలో? అవి శిల్పులు ఉలితో తొలిచినవి. ఒకే కొండ చరియలో ఎనిమిది శివాలయాలు. ఏడు తూర్పు ముఖంగా, ఒకటి ఉత్తర ముఖంగా ఉంటాయి. స్తంభాలు, గోడలు, ద్వారపాలకులు అన్నీ ఆ కొండరాయే, ఎక్కడా అతుకు లేదు. పల్లవుల నాటి పోకడ కనిపిస్తుంది కనుక ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటివని చాలామంది అంటారు. గోడ మీద చెయ్యి పెట్టి చూడమనండి. నీళ్ళు తొలిచిన గుహకి తిన్నని మూలలు ఉండవు. ఇక్కడ మూలలు మలిచినట్టుంటాయి.

గుహల దగ్గరే జలపాతం. సొగసంతా అక్కడే, ప్రమాదమూ అక్కడే. ఈ వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. కార్తీకమాసం కూడా అప్పుడే. పౌర్ణమికి జనం కిటకిటలాడతారు. ఒక ఏడు మేమూ వెళ్ళాం. కోనలో చుక్క వాన లేదు, ఎండ కాస్తోంది. మా చెల్లెలి పిల్లలు రాళ్ళ మీద కూర్చుని కాళ్ళు తడుపుకుంటున్నారు. ఇంతలో పక్క ఊరి పెద్దాయన ఒకరు, “అమ్మా, నీళ్ళు ఎర్రబారుతున్నాయి, పిల్లల్ని పైకి పిలవండి” అని కేకేశారు. చూస్తే తేటగా ఉన్న నీటిలో మట్టి రంగు, ఎండుటాకులు, పుల్లలు. పిల్లల్ని పక్కనున్న మెట్ల మీదికి లాగాం. కాసేపటికే వాళ్ళు కూర్చున్న రాళ్ళు మునిగిపోయాయి. పైన కొండల్లో ఎక్కడో వాన పడింది. రాతికొండ నీటిని పీల్చుకోదు, అంతా ఒక్కసారిగా కోనలోకి జారుతుంది.

కాబట్టి ఆకాశం చూసి మోసపోకండి, నీటిని చూడండి. రంగు మారినా, ఆకులు కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా లేచిపోవాలి. వాగు వెంట కిందికి పరుగెత్తకూడదు. పక్కకు, ఎత్తుకు ఎక్కాలి. బట్టలు, కారియరు తెచ్చుకుందామని వెనక్కి వెళ్ళొద్దు. పెద్ద వాన పడిన రోజున ప్రయాణం మానుకుని, మూడు నాలుగు రోజులాగితే నీరూ ఉంటుంది, ఉధృతీ తగ్గుతుంది. నాచు పట్టిన రాళ్ళ మీద చెప్పులతో కన్నా ఉత్త కాళ్ళతో, పట్టు చూసుకుంటూ నడవడం మేలు. జలపాతం పైకి ఎక్కాలన్న సరదా మగపిల్లలకి ఉంటుంది, ససేమిరా అనండి.

జనవరి, ఫిబ్రవరి నెలలు పిల్లలున్న ఇంటికి అన్నిటికన్నా అనువు. ధార సన్నబడినా గుహలు తీరిగ్గా చూడొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో ఆ రాళ్ళు పెనంలా కాలతాయి, జలపాతమూ చిక్కిపోతుంది. గుడి తెరిచి ఉన్న వేళ, పూజారిగారో ఊరివాళ్ళో తోడుండగా చూసి, పొద్దుగూకకముందే కోన దాటండి. చరియలకు తేనెపట్లు ఉంటాయి గనుక వాటికింద పొయ్యి పెట్టి వంట చెయ్యకండి. పులిహోర ఇంట్లోనే కలుపుకుని వెళితే సరి.

ఇక సెలవు.