వీలునామా నకలులో తప్పును దిద్దకూడదు, ఎందుకు?

తఖత్‌పూర్‌లో స్థిరపడిన ఒక తెలుగు పెద్దాయన తన చేత్తో తెలుగులో వీలునామా రాసి కన్నుమూశారనుకుందాం. ప్రొబేట్ కోసం కోర్టుకు వెళ్తే, భారత వారసత్వ చట్టం (1925) 277వ సెక్షన్ ప్రకారం ధ్రువీకరించిన అనువాదం జతచేయాలి. అనువాదానికి ముందు శుభ్రంగా నకలు రాసుకుంటారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

‘మా తమ్ముడి రెండో కొడుకు రాముకు’ అని ఉంది. కానీ రెండో కొడుకు పేరు సోము. నకలులో ‘రాము’ అనే ఉంచి, పక్కన చదరపు బ్రాకెట్లలో ‘అసలులో ఇలాగే ఉంది’ అని రాయాలి. ఆస్తి సోముకే చెందవచ్చు. 76వ సెక్షన్ ఇలాంటి ఉదాహరణే ఇస్తుంది. కానీ అది తేల్చాల్సింది కోర్టు, లేఖకుడు కాదు.

కొట్టివేతలు మరీ ప్రమాదం. ‘2 ఎకరాలు’లో 2 కొట్టేసి పైన 3 వేశారు. ఆ దిద్దుబాటు దగ్గర వీలునామా రాసినాయనా, సాక్షులూ సంతకాలు చేయకపోతే, 71వ సెక్షన్ ప్రకారం సంతకాల తర్వాత చేసిన ఆ మార్పు చెల్లదు. అయితే పాత మాట అసలు చదవలేనంతగా చెరిగిపోతే లెక్క మారుతుంది. అందుకే ఇలా రాస్తారు: [కొట్టివేత, చదవగలం: 2] [పైన చేర్పు: 3, సంతకం లేదు]. కనబడని అంకెను ఊహించి ‘2’ అని వేస్తే, చెరిగిపోయిన మాటకు నకలే ప్రాణం పోసినట్టవుతుంది.