కిలో హైడ్రోజన్‌కు ఎన్ని యూనిట్లు పడతాయి, ఎన్ని తిరిగి వస్తాయి?

నీటిలోకి కరెంటు పంపి హైడ్రోజన్‌ను, ఆక్సిజన్‌ను వేరు చేయడమే విద్యుద్విశ్లేషణ. ఆ హైడ్రోజన్‌ను ఫ్యూయల్ సెల్‌లో గాలిలోని ఆక్సిజన్‌తో కలిపితే మళ్లీ కరెంటు, నీరు, వేడి వస్తాయి. మిద్దె మీది సోలార్ కరెంటును ఇలా దాచుకోవచ్చా అని సభ్యులు అడుగుతున్నందున ఈ లెక్క ఇస్తున్నాము. యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో ఉండే యూనిటే.

కిలో హైడ్రోజన్‌కు సుమారు 9 లీటర్ల నీరు కావాలి. సెల్‌లో పారవలసిన విద్యుత్తు సుమారు 26,600 ఆంపియర్ గంటలు. ఏ కంపెనీ యంత్రమైనా ఇది తగ్గదు. కాబట్టి సెల్‌కు ఇచ్చే ప్రతి వోల్టుకూ కిలోకు 26.6 యూనిట్లు పడతాయి. సిద్ధాంతం ప్రకారం 1.23 వోల్టులు చాలు. కానీ తగినంత వేగంగా వాయువు రావాలంటే 1.9 వోల్టుల వరకు ఇవ్వాలి. అంటే సుమారు 50 యూనిట్లు. పంపులు మొదలైనవి కలిపితే 55 దాకా వస్తుంది. సెల్ పాతబడేకొద్దీ వోల్టేజి పెరుగుతుంది. అదే వాయువుకు మీటరు ఎక్కువ తిరుగుతుంటే కారణం అదే కావచ్చు.

తిరుగు ప్రయాణంలోనూ ఇదే లెక్క. లోడు పడ్డప్పుడు ఫ్యూయల్ సెల్ సుమారు 0.65 వోల్టులే ఇస్తుంది. దానిని 26.6తో గుణిస్తే 17 యూనిట్లు. మిగిలినది వేడిగా పోతుంది.

ఒక ఇల్లు చూద్దాం. 3 కిలోవాట్ల సోలార్ మంచి ఎండలో రోజుకు 12 యూనిట్ల వరకు ఇస్తుంది. కిలో హైడ్రోజన్ తయారీకి 55, సిలిండర్‌లో అధిక ఒత్తిడితో నింపడానికి మరో 3 అనుకుంటే మొత్తం 58 యూనిట్లు. దాదాపు ఐదు రోజుల ఎండ. ఫ్యూయల్ సెల్ ఇచ్చే 17లో దాని ఫ్యాను, ఇన్వర్టర్ ఒకటి తింటే ఇంటికి చేరేవి 16. నూటికి 28 కూడా లేవు. అదే 58 యూనిట్లను మంచి లిథియం బ్యాటరీలో పెడితే సుమారు 50 తిరిగి వస్తాయి.

అమ్మేవారు చెప్పే శాతాల దగ్గర జాగ్రత్త. కిలో హైడ్రోజన్‌లోని శక్తిని ఒక పద్ధతిలో 39.4 యూనిట్లుగా, ఇంకో పద్ధతిలో 33.3గా లెక్కిస్తారు. ఆవిరి నీరుగా మారేటప్పటి వేడిని కలిపితే మొదటిది, వదిలేస్తే రెండోది. 50 యూనిట్లు తినే యంత్రం మొదటి లెక్కలో 79 శాతం, రెండో లెక్కలో 67 శాతం. తయారీకి ఒక లెక్క, ఫ్యూయల్ సెల్‌కు మరో లెక్క వాడి గుణిస్తే లేని లాభం కనబడుతుంది. అందుకే శాతం అడగకండి. కిలోకు మీటరు మీద ఎన్ని యూనిట్లు, తిరిగి ఎన్ని యూనిట్లు అని అడిగి, రెండూ రాతపూర్వకంగా తీసుకోండి.

ఎరువుల కోసం అమ్మోనియా తయారీలో హైడ్రోజన్ ముడిసరుకే. అక్కడ తిరిగి కరెంటు చేయరు గనుక ఈ రెండో నష్టం ఉండదు. ఇంటి దీపాలకు మాత్రం ప్రస్తుతానికి బ్యాటరీయే చవక.