మంచం కింద నవ్వు

మొన్న వినాయక నిమజ్జనం వెళ్లిన నాలుగో రోజున మా ఆడపడుచు కూతురు ఒక నోటుపుస్తకం చంకన పెట్టుకుని వచ్చింది. బి.ఏ. చదువుతోంది. "అత్తయ్యా, మిస్టరీ కథ రాశాను. చివరి పేజీలో అదిరిపోతావు చూడు" అంది. నేను చదివాను. చివరి పేజీ దాకా వచ్చాను. అదరలేదు సరిగదా, ఎవరో నా చేతిలోని కాఫీ గ్లాసు లాక్కున్నట్టనిపించింది.

కథ మా బాలాపూర్‌లోదే. లడ్డూ వేలంపాట రోజున ఇంటిల్లిపాదీ పాట చూడ్డానికి వెళ్తారు. (1994లో 450 రూపాయలతో మొదలైన ఆ పాట ఇప్పుడు లక్షల్లో పలుకుతోందని మీకు తెలిసిందే.) తిరిగొచ్చి చూస్తే బీరువాలో రెండు పేటల గొలుసు లేదు. పనిమనిషి మీద అనుమానం, తరవాత పైవాటాలో అద్దెకున్న కుర్రాడి మీద. ఆఖరి పేరాలో, తీసింది బామ్మగారే! మనవరాలి కాలేజీ ఫీజు కోసం కుదువ పెట్టిందిట.

"ఎలా వుంది?" అంది.

"బామ్మ ఎందుకు తీసిందో చివర్న చెప్పావు. తీయగలదని ముందెక్కడైనా చెప్పావా?" అన్నాను.

"చెబితే తెలిసిపోదూ!" అంది మూతి ముడుచుకుని.

చిక్కంతా ఇక్కడే వుంది. చెబితే తెలిసిపోతుంది, చెప్పకపోతే మోసమైపోతుంది. చెప్పీ చెప్పనట్టు చెప్పడమెలాగ? నేను డిటెక్టివ్ నవలలు ఎరగని దాన్ని కాను. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్‌నీ, అసిస్టెంట్ రాజునీ ఎకనామిక్స్ పుస్తకం మధ్యలో దాచుకుని చదివిన తరం మాది. అయినా ఆ పిల్లకి నేను తీసి చూపించింది యుగంధర్‌ని కాదు, గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు'ని. 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చిన కథ. తెలుగులో మొదటి ఆధునిక కథ ఇదేనని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1902లో, భండారు అచ్చమాంబగారు 'ధనత్రయోదశి' రాశారనుకోండి. ఆవిడ మనలాంటి ఆడది కనక ఆ మాట ఇక్కడ చెప్పకుండా వుండలేకపోయాను.

'దిద్దుబాటు'లో హత్య లేదు, పోలీసులూ లేరు. కానీ మాయమైన మనిషి వుంది, ఉత్తరం వుంది, చివర్న మలుపూ వుంది. గోపాలరావు రాత్రి ఒంటిగంటకు సానిపాట విని ఇంటికొస్తాడు. చదువుకున్న పెళ్లాం కమలినికి మాత్రం మీటింగులని చెబుతూ వస్తున్నాడు. పడకగదిలో ఆమె లేదు. బల్లమీద ఉత్తరం వుంది. మీ చేత రోజూ అబద్ధాలాడించడం ఇష్టంలేక ఈ రాత్రే పుట్టింటికి వెళ్లిపోతున్నానని దాని సారాంశం. ఆయనగారు కుంగిపోయి, నౌకరు రాముణ్ణి పిలిచి, మర్నాడు వెళ్లి అమ్మగారిని తీసుకురమ్మని, అక్కడేం చెప్పాలో పాఠం చెబుతాడు. అప్పుడు మంచం కిందనుంచి నవ్వూ, అందెల చప్పుడూ వినిపిస్తాయి.

ఇది ఎంత హఠాత్తుగా వస్తుందో చూశారా! అయినా నూరేళ్ల పైబడి ఎవరూ 'ఇది అన్యాయం' అనలేదు. ఎందుకనలేదో తెలుసుకోవాలంటే కథని వెనకనుంచి ముందుకి చదవాలి. మా మేనకోడలూ నేనూ అదే చేశాం. పెన్సిలు పట్టుకుని కూచున్నాం.

మొదట తలుపు. అర్ధరాత్రి దాటాక గోపాలరావు చెయ్యి తగలగానే తలుపు తెరుచుకుంటుంది. గడియ లేదు! ఆయనకి ఆశ్చర్యం వేస్తుంది గానీ అక్కడితో సరి. ఆ ఆశ్చర్యాన్ని వెంటనే చీకటి మింగేస్తుంది. ఇంట్లో దీపం లేదు, ఆలస్యంగా వచ్చిన మొగుడికి పెళ్లాం లేస్తుందేమోనన్న బెదురు. మనం కూడా ఆ బెదురులో పడి తలుపు సంగతి మరిచిపోతాం. రెండోసారి చదివినప్పుడు అది ఎవరో కావాలని తీసిపెట్టిన తలుపులా కనిపిస్తుంది.

రెండోది అగ్గిపుల్ల. ఆయన అగ్గిపుల్ల గీసి మంచం మీద చూస్తాడు. కమలిని కనబడదు. పుల్ల చేతిలోంచి జారిపోతుంది, మళ్లీ చీకటి. ఒక అగ్గిపుల్ల ఎంతసేపు వెలుగుతుందో పొయ్యి ముట్టించే మనకి తెలియనిదా? ఆ నాలుగు క్షణాల్లో మంచం పైన చూశాడు గాని, కింద చూడలేదు. తరవాత దీపం వెలిగించి గది నాలుగు మూలలా వెతికాడు, అప్పుడూ మంచం కింద చూడలేదు. మంచం మన కళ్ల ముందే వుంది. దాని కింద జాగా వుందని మళ్లీ చెప్పవలసిన అవసరం కూడా లేదు, మంచమన్నాక కింద జాగా వుంటుంది. చివరి నవ్వు ఎక్కడో కొత్త గదిలోంచి వచ్చి వుంటే మనం ఒప్పుకునేవాళ్లం కాదు. అది మనం చూసిన గదిలో, చూసిన వస్తువు కిందనుంచే వచ్చింది.

మూడోదే నాకు అన్నిటికన్నా ముఖ్యం. కమలిని వెళ్లిపోయిందని ఎవరన్నారు? ఉత్తరం అంది. అంటే కమలిని అంది. గోపాలరావు నమ్మాడు. కథ చెబుతున్న గొంతు మాత్రం ఆమె కనిపించలేదన్నంత వరకే చెప్పి వూరుకుంది, ఇల్లు దాటిందని తన మాటగా అనలేదు. పాత్రలు అబద్ధమాడొచ్చు, ఉత్తరాలు అబద్ధమాడొచ్చు. రచయిత తన గొంతుతో అబద్ధమాడకూడదు. ఆడిందా, మలుపు చవకబారైపోతుంది. 1929లో ఇంగ్లండులో రోనాల్డ్ నాక్స్ అనే మతగురువు డిటెక్టివ్ కథలకి పది కట్టుబాట్లు రాశాడు. డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడి ముందు కూడా పెట్టాలని వాటిలో ఒకటి. మన గురజాడవారు ఆ పద్ధతిని ఏ జాబితా లేకుండానే అంతకు పంతొమ్మిదేళ్ల ముందు పాటించారు.

ఇంకొక్కటి చూడండి. ఆ రోజుల్లో ఒక ఇల్లాలు, బండి కట్టించుకోకుండా, తోడు లేకుండా, రాత్రిపూట వేరే వూరికి పోతుందా? ఇంట్లో నౌకరు రాముడు వుండనే వున్నాడే! గోపాలరావు ఈ ప్రశ్న వేసుకోలేదు. తప్పు చేసినవాడు కనక శిక్షని వెంటనే నమ్మేశాడు. పాఠకుడి కన్ను కప్పడానికి ఇంతకంటే మంచి దుప్పటి లేదు. పాత్రకున్న దిగులునే మనమీదా కప్పడమన్న మాట.

ఈ విద్య ఇంగ్లీషువాళ్ల దగ్గరా వుంది. 1892లో కానన్ డాయిల్ రాసిన గుర్రం కథ 'సిల్వర్ బ్లేజ్'లో రాత్రి కుక్క అరవలేదన్న సంగతి అందరికీ గుర్తుంటుంది. నాకు మాత్రం అందులోని మటన్ కూర గుర్తు. గుర్రపుశాల కుర్రాడికి నల్లమందు కలిపిన కూర పెట్టారు. మసాలా ఘాటులో మందు రుచి తెలియలేదు. అయితే ఆ రోజున ఆ ఇంట్లో మసాలా కూరే వండాలని బయటినుంచి వచ్చినవాడు ఎలా ఏర్పాటు చేస్తాడు? కనక ఇంటివాళ్ల పనే. కూర సంగతి కథ మొదట్లోనే, పనిపిల్ల భోజనం పట్టుకెళ్తుంటే మామూలుగా చెప్పేస్తాడు. భోజనం వివరం కాబోలు అనుకుని దాటిపోతాం. అనుమానం లేకుండా దాటిపోయేటంత మామూలుగా వుండాలి, తరవాత గుర్తొచ్చేటంత ప్రత్యేకంగానూ వుండాలి. తెల్లటి పులుసు కాకుండా మసాలా కూర కావడమే ఆ ప్రత్యేకత.

సరే, మా పిల్ల బామ్మగారి దగ్గరికొద్దాం. "నీ బామ్మ తీయడానికి ఏమేం కావాలి?" అన్నాను. ఇంట్లో ఒంటరిగా వుండాలి. తాళంచెవి ఎక్కడుందో తెలియాలి. డబ్బు అవసరం వుండాలి. అంతే, మూడు. ఆ మూడూ మొదటి సగంలోనే వేద్దామనుకున్నాం. ఆఖరి పేజీకి దగ్గరగా వేస్తే అక్కడే మొలకెత్తి కనిపిస్తాయి.

మొదటిసారి అది రాసుకొచ్చింది: "మోకాళ్ల నొప్పులని బామ్మ పాట చూడ్డానికి రానంది. ఆమె కళ్లల్లో ఏదో వింత మెరుపు." ఆ మెరుపు కొట్టెయ్యమన్నాను. అలాంటి మెరుపులు పాఠకుడి భుజం తట్టి ఇక్కడ చూడండి అంటాయి. బదులుగా ముందురోజు సాయంత్రం చినుకులు పడుతుంటే బామ్మే గబగబా మేడెక్కి బట్టలన్నీ తెచ్చిందని రాయమన్నాను. ఆ వెంటనే తడిసిన చీర గురించి కోడలు చేసిన గొడవ. నవ్వొచ్చే గొడవ వెనకాల మేడమెట్లు దాక్కుంటాయి. మర్నాటి మోకాళ్ల నొప్పి రెండు పేజీల తరవాత వస్తుంది. రెండూ పక్కపక్కన పెడితే చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు.

తాళంచెవిని బియ్యం డబ్బా కింద, అటు ఉప్పుజాడీకీ ఇటు కిరాణా చీటీకీ నడుమ పెట్టించాను. మూడు వస్తువుల వరసలో కన్ను మొదటిదాన్నీ చివరిదాన్నీ పట్టుకుంటుంది, మధ్యది జారిపోతుంది. బామ్మ రోజూ బియ్యం కొలిచి పోస్తుందని ఇంకోచోట విడిగా వుంది. బీరువా తాళం పగలలేదన్నది మాత్రం దాచకుండా గట్టిగానే చెప్పించాను. పనిమనిషి మీద అనుమానాన్ని పెంచేదే అదీను.

ఫీజు సంగతే చిక్కు. ఫీజు కట్టాలని చెబితే గుట్టు రట్టవుతుంది. అప్పుడు మా పిల్లకే తట్టింది. మొదట్లో ఫీజు గడువని తండ్రీకూతుళ్లు రోజూ కీచులాడుకుంటారు. గొలుసు పోయాక ఆ కీచులాట వుండదు. ఎందుకు లేదో ఎవరూ అడగరు, ఇల్లంతా దొంగ గొడవలో వుంది కదా! నేను 'భేష్' అన్నాను. అరవని కుక్క బాలాపూర్‌లోనూ దొరికింది.

ఒక్క చోట మాత్రం దానికి కోపం వచ్చింది. 'గొలుసు పోయిందని విని బామ్మ నిర్ఘాంతపోయింది' అని ఒక వాక్యం వుంది. "నిర్ఘాంతపోలేదుగా, ఆవిడకి తెలుసుగా! అది నువ్వాడిన అబద్ధం" అన్నాను. చాలాసేపు వాదించి, చివరికి 'బామ్మ మంచం మీద కూలబడింది' అని మార్చింది. కూలబడ్డం నిజమే, భయంతో కూలబడింది. మనం దుఃఖమనుకున్నాం, అది మన పొరపాటు.

తరవాత పరీక్ష. చివరి పేజీ చింపి దాచి మిగతాది ఇద్దరికిచ్చాం. పక్కింటావిడ అద్దె కుర్రాడంది. మావారు కాసేపు ఆలోచించి పనిమనిషి అన్నారు. ఇద్దరూ బామ్మే అనివుంటే మళ్లీ కొట్టివేతలు మొదలయ్యేవి. అప్పుడు చివరి పేజీ ఇచ్చాం. పక్కింటావిడ 'అయ్యో పాపం' అంది. మావారు మాత్రం మాట్లాడకుండా కాగితాలు వెనక్కి తిప్పారు. మేడమెట్ల దగ్గర ఆగారు, బియ్యం డబ్బా దగ్గర ఆగారు. మా పిల్ల నా చెయ్యి గిల్లింది.

ఆయన కళ్లద్దాలు తీసి, "ఇంతకీ ఆ గొలుసు విడిపించారా లేదా?" అన్నారు.