ఉపసమూహ విశ్లేషణ, బహుళ పోలికల సమస్య

ఒక మందు ట్రయల్‌లో మొత్తం మీద ఏ ప్రయోజనమూ కనిపించకపోయినా, పాల్గొన్నవారిని వయసు, లింగం, జాతి, జబ్బు తీవ్రత వంటి లక్షణాల ప్రకారం విడదీసి చూస్తే ఏదో ఒక గుంపులో మందు పనిచేసినట్టు తేలవచ్చు. ఇలా విడదీసి చూడడాన్ని ఉపసమూహ విశ్లేషణ అంటారు. అలా బయటపడ్డ ఫలితం పి-విలువ 0.05 గీతకు కాస్త దిగువన ఉంటే దాన్ని ‘సార్థకం’ అని ప్రకటించడం పరిపాటి. కానీ ఆ గీత ఒక్క పోలికకు గీసినది. పోలికలు పెరిగేకొద్దీ దాని అర్థం మారిపోతుంది. ఈ చిక్కునే గణాంకశాస్త్రంలో బహుళ పోలికల సమస్య అంటారు.

లెక్క ఎక్కడ మారుతుంది

పి-విలువ ఒక షరతుతో కూడిన సంఖ్య. మందుకు అసలు ప్రభావమే లేదనుకుంటే, ఇప్పుడు కనిపించినంత తేడా గానీ అంతకంటే పెద్ద తేడా గానీ యాదృచ్ఛికంగా ఎంత తరచుగా వస్తుందో అది చెబుతుంది. 0.05 అంటే నూటికి ఐదుసార్లు. ఒకే పోలిక చేసినవారు మోసపోయే అవకాశం నూటికి ఐదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఐదు పోలికలు చేస్తే, వాటిలో కనీసం ఒకటి ఉత్తి పుణ్యానికి గీత దాటే అవకాశం 23 శాతం. పది చేస్తే 40 శాతం, ఇరవై చేస్తే 64 శాతం.

దీన్ని ఇంకో వైపు నుంచి చూస్తే సంగతి మరింత స్పష్టమవుతుంది. ఏ ప్రభావమూ లేని మందు మీద ఇరవై స్వతంత్ర పోలికలు చేస్తే, వాటిలో అన్నిటికంటే చిన్న పి-విలువ సగటున ఇరవై ఒకటో వంతు, అంటే సుమారు 0.048 ఉంటుంది. కాబట్టి ఇరవై గుంపులు వెతికినవారికి 0.048 దొరకడం విశేషమేమీ కాదు. మందు పనిచేయకపోయినా అంతే దొరకాలి. 0.0001 దొరికితే మాట వేరు.

ఇలా ఏరి తీసిన ఫలితానికి మరో దోషం కూడా ఉంటుంది. చిన్న గుంపులో గీత దాటాలంటే తేడా చాలా పెద్దదిగా కనిపించాలి. అందుకే గీత దాటినవాటిలో నిజమైన ప్రభావం ఉన్నా, దాని పరిమాణం ఎక్కువ చేసి కనిపిస్తుంది.

తొలి హెచ్చరికలు

ఈ ప్రమాదాన్ని మొదట స్పష్టంగా రాసినవారిలో ఫ్రెంచి గణితవేత్త ఆంత్వాన్ ఓగ్యుస్తాఁ కుర్నో ఒకడు. 1843లో వెలువడిన సంభావ్యతా గ్రంథంలో ఆయన మగ, ఆడ శిశు జననాల నిష్పత్తిని ఉదాహరణగా తీసుకున్నాడు. జననాలను తల్లిదండ్రుల వయసు, వృత్తి, మతం, బిడ్డ పుట్టిన వరుస ఇలా ఎన్ని రకాలుగానైనా విడగొట్టుకుంటూ పోవచ్చు. విడగొట్టిన కొద్దీ ఎక్కడో ఒకచోట పెద్ద తేడా తగులుతుంది. ఎన్నిసార్లు విడగొట్టాక అది తగిలిందో పాఠకుడికి తెలియదు కనుక దాని విలువను అతను అంచనా వేయలేడు. ఇదీ కుర్నో వాదన.

0.05 గీత వాడుకలోకి రావడానికి ముఖ్య కారణం ఆర్. ఎ. ఫిషర్ 1925లో పరిశోధకుల కోసం రాసిన గణాంక పద్ధతుల పుస్తకం. పది దశాబ్దాలుగా ఆయన పేరు మీద ఆ గీతను యాంత్రికంగా వాడుతున్నారు గానీ, ఫలితాలు చూశాక ఏరుకున్న పోలికకు మామూలు పరీక్ష సరిపోదని 1935లో ప్రయోగ రూపకల్పన మీద రాసిన పుస్తకంలో ఆయనే హెచ్చరించాడు. 1936లో ఇటలీ గణితవేత్త కార్లో ఎమీలియో బోన్‌ఫెరోని ప్రచురించిన అసమానతల ఆధారంగా తరువాత ఆలివ్ జీన్ డన్ ఒక సులువైన నియమాన్ని ప్రచారంలోకి తెచ్చింది. ఎన్ని పోలికలు చేస్తే 0.05ను అన్నిటితో భాగించాలి. ఇరవై పోలికలకు గీత 0.0025 అవుతుంది. 1953లో ప్రిన్స్‌టన్‌లో జాన్ టూకీ బహుళ పోలికల మీద రాసిన వ్యాసం అచ్చు కాకముందే చేతులు మారుతూ ఈ రంగానికి పునాది వేసింది. ఒకేసారి అనేక పరికల్పనలను పరీక్షించే పద్ధతులను పెంపొందించినవారిలో తెలుగువాడైన పి. ఆర్. కృష్ణయ్య కూడా ఉన్నాడు.

మందే లేని ట్రయల్

సూత్రం తెలిసినా వైద్యులకు దాని బలం తెలిసివచ్చింది 1980లో. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గుండె రక్తనాళాల జబ్బుకు మందులతోనే చికిత్స పొందిన 1,073 మంది రికార్డులు తీసుకుని, వారిని యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విడదీశారు. రెండు వర్గాలకూ వేరువేరు చికిత్స ఏమీ లేదు. అది కాగితం మీద జరిగిన ఉత్తుత్తి ట్రయల్. ఆశించినట్టే మొత్తం మీద బతికినవారి సంఖ్యలో తేడా రాలేదు. తరువాత జబ్బు తీవ్రతను బట్టి గుంపులు చేసి చూస్తే, మూడు రక్తనాళాలూ దెబ్బతిని, గుండె ఎడమ గది సరిగా ముడుచుకోని 397 మందిలో ఒక వర్గం మరోదానికంటే మెరుగ్గా బతికింది. పి-విలువ 0.025 కంటే తక్కువ. ఆ 397 మంది మధ్య ఉన్న చిన్నచిన్న అసమానతలన్నీ ఒకే వైపు కలిసిరావడమే దీనికి కారణమని లోతుగా చూశాక తేలింది. నిజమైన మందుతో జరిగిన ట్రయల్‌లో ఇదే సంఖ్య వస్తే, అది ఆ తీవ్రమైన రోగులకు కొత్త చికిత్స దొరికిందన్న వార్త అయి ఉండేది.

1988లో ప్రచురితమైన ఐసిస్-2 ట్రయల్ దీనికి తిరగబడిన రూపాన్ని చూపించింది. గుండెపోటు అనుమానంతో చేరిన 17,187 మందిలో ఆస్పిరిన్ మరణాలను గట్టిగా తగ్గించింది. ఉపసమూహాలను నమ్మితే ఏమవుతుందో చూపడానికి పరిశోధకులు రోగులను పాశ్చాత్య పద్ధతిలో పుట్టినతేదీని బట్టి రాశులుగా విడదీశారు. మిథున, తులా రాశులవారిలో ఆస్పిరిన్ తీసుకున్నవారు 150 మంది, డమ్మీ మాత్ర తీసుకున్నవారు 147 మంది చనిపోయారు. అంటే ఆ రెండు రాశులకు ఆస్పిరిన్ పనిచేయలేదన్నట్టు! ఇలాంటి తేడాకు రాశి బదులు ‘మధుమేహం’ అని పేరు పెట్టి ఉంటే చాలామంది నమ్మేవారు.

ఎయిడ్స్ టీకా ఉదంతం, 2003

నిజమైన ట్రయల్‌లో ఈ సమస్య ఎలా బయటపడుతుందో వ్యాక్స్‌జెన్ అనే అమెరికన్ కంపెనీ తయారుచేసిన ఎయిడ్స్‌వ్యాక్స్ టీకా ఉదంతం విడమరచి చూపుతుంది. హెచ్‌ఐవీకి తొలిసారి మూడో దశ దాకా వచ్చిన టీకా అదే. 2003 ఫిబ్రవరిలో ప్రకటించిన తొలి లెక్కల ప్రకారం 5,009 మంది వాలంటీర్లలో టీకా వేయించుకున్నవారిలో 5.7 శాతానికి, డమ్మీ సూది వేయించుకున్నవారిలో 5.8 శాతానికి హెచ్‌ఐవీ సోకింది. తేడా లేనట్టే. అయితే నల్లజాతివారిలో టీకా 78 శాతం రక్షణ ఇచ్చిందనీ, పి-విలువ 0.02 కంటే తక్కువనీ కంపెనీ ప్రకటించింది. హిస్పానిక్‌లను విడిచిపెట్టి మిగతా మైనారిటీలందరినీ కలిపితే రక్షణ 67 శాతమని కూడా చెప్పింది.

ఆ శాతాల వెనక ఉన్న మనుషులను లెక్కపెడితే సంగతి తెలుస్తుంది. నల్లజాతివారు మొత్తం 314 మంది. టీకా పొందిన 203 మందిలో నలుగురికి, డమ్మీ పొందిన 111 మందిలో తొమ్మిది మందికి వ్యాధి సోకింది. అంటే 78 శాతమన్న అంకె నిలబడింది పదమూడు కేసుల మీద. ఆ పదమూడింటిలో ఒక్కటి డమ్మీ వైపు నుంచి టీకా వైపుకు మారి 5, 8 అయితే, చిన్న సంఖ్యలకు వాడే ఫిషర్ కచ్చిత పరీక్షలో పి-విలువ 0.05 దాటిపోతుంది. ఇక పోలికల సంఖ్య సంగతి: జాతి, లింగం, వయసు, విద్య, ప్రమాద స్థాయి వంటివి కలిపి పది పోలికలే అనుకున్నా, 0.02ను పదితో హెచ్చిస్తే 0.2 వస్తుంది.

నల్లజాతివారిలో, ఆసియావారిలో టీకా వల్ల యాంటీబాడీలు ఎక్కువగా తయారయ్యాయన్న వివరణ కూడా వెంటనే వచ్చింది. జీవశాస్త్ర పరంగా అది అసంభవం కాదు. కానీ ఏ గుంపులో తేడా కనిపించినా దానికి అతికే వివరణ ఒకటి దొరుకుతుంది. అందుకే ఫలితం చూశాక చెప్పిన కారణానికి సాక్ష్యంగా బరువు తక్కువ. అదే సంవత్సరం నవంబరులో థాయ్‌లాండ్ ట్రయల్ ఫలితం వచ్చింది. టీకా రూపం కొంత వేరైనా పాల్గొన్నవారు ఆసియావాళ్లే. సూదులతో మత్తుమందులు తీసుకునే 2,546 మందిలో టీకా వైపు 106 మందికి, డమ్మీ వైపు 105 మందికి వ్యాధి సోకింది. 2005లో అమెరికా ట్రయల్ తుది ఫలితం ప్రచురించినప్పుడు, పోలికల సంఖ్యను లెక్కలోకి తీసుకున్నాక ఉపసమూహాల తేడాలేవీ సార్థకం కావని రచయితలే రాశారు.

ఫలితాన్ని ఎలా పరీక్షిస్తారు

మొదట చూడవలసింది ఆ ఉపసమూహాన్ని ఎప్పుడు ఎంచుకున్నారన్నది. ఫలితాలు చూడకముందే ప్రణాళికలో రాసుకున్నదా, చూశాక ఏరుకున్నదా అన్నది రిజిస్ట్రేషన్ పత్రాల్లో తెలుస్తుంది. ప్రముఖ వైద్య పత్రికలు 2005 నుంచి ముందస్తు రిజిస్ట్రేషన్‌ను షరతుగా పెట్టాయి. భారత్‌లో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007లో మొదలై, 2009 జూన్ నుంచి తప్పనిసరి అయింది.

రెండోది, ప్రశ్న సరిగా వేశారా అన్నది. ఒక గుంపులో పి-విలువ 0.04, మరో గుంపులో 0.30 వచ్చినంత మాత్రాన రెండు గుంపుల్లో మందు వేరువేరుగా పనిచేసినట్టు కాదు. రెండు గుంపుల్లోని ప్రభావాల మధ్య తేడానే నేరుగా పరీక్షించాలి. దీన్ని ఇంటరాక్షన్ పరీక్ష అంటారు. ప్రచురితమైన చాలా ఉపసమూహ ఫలితాలు ఈ మెట్టు దగ్గరే ఆగిపోతాయి.

మూడోది, ఎన్ని పోలికలు చేశారన్నది. బయటికి చెప్పినవే కాదు, చేసి పక్కన పెట్టినవి కూడా లెక్కే. 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఈ విషయంలో నిబంధన కట్టుదిట్టం చేసింది. సర్దుబాటు పద్ధతి ముందే నిర్ణయించుకోకపోతే పి-విలువలు ఇవ్వకుండా, ప్రభావం అంచనానూ దాని విశ్వాస అంతరాన్నీ మాత్రమే ఇవ్వాలని కోరింది.

పరిమితులు

సర్దుబాటు తరువాత ఫలితం గీత దాటకపోతే అది అబద్ధమని తేలినట్టు కాదు. బోన్‌ఫెరోని నియమం కఠినమైనది. పోలికలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటే అవసరానికి మించి శిక్షిస్తుంది, నిజమైన ప్రభావాన్ని కూడా దాచేయగలదు. కొన్ని ఉపసమూహ తేడాలు నిజమే. రొమ్ము క్యాన్సర్‌లో ఈస్ట్రోజన్ గ్రాహకాలు ఉన్న కణితులకే టమాక్సిఫెన్ పనిచేస్తుందన్నది అలాంటిది. మందు పనిచేసే తీరులోనే ఆ కారణం ఉంది, అనేక ట్రయల్స్‌లో అదే ఫలితం మళ్లీమళ్లీ వచ్చింది. గీతకు కాస్త దిగువన తగిలిన ఉపసమూహ ఫలితం కొత్త ట్రయల్‌కు పరికల్పనగా పనికొస్తుంది. ఆ గుంపు మీదే, దాన్ని ముందుగా ప్రకటించి చేసిన మరో ట్రయల్‌లో నిలబడే దాకా దాని ఆధారంగా చికిత్స మార్చకూడదు.