నిలిచిపోయిన దినము



విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారములో ఊదుకొలిమి రాత్రింబగళ్లు మండుచునే యుండును. దానిని వారమునకొకసారి ఆర్పుట సాధ్యము కాదు; లోపల కరిగిన యినుము గడ్డకట్టి కొలిమికే చేటు తెచ్చును. కనుక అచ్చటి పనివారికి సెలవు వంతులవారీగా వచ్చును. ఒకనికి ఆదివారము, మరియొకనికి బుధవారము. "అయ్యగారూ, ఆదివారము పనికి పోయితే పాపమా?" అని అట్టివారు పాదిరిని అడుగుట కద్దు. ఈ ప్రశ్న మన తెలుగు సంఘములలో క్రొత్తది కాదు. మన పితరులు దీనికి తమ కడుపులతో జవాబు చెప్పిరి.

మొదట ధర్మశాస్త్రమును చూడుడి. విశ్రాంతిదినాజ్ఞ రెండు చోట్ల వ్రాయబడియున్నది. నిర్గమకాండము దేవుని సృష్టిని కారణముగా చూపును. ద్వితీయోపదేశకాండము ఐగుప్తులోని దాస్యమును జ్ఞాపకము చేయును. బానిసకు సెలవు లేదు. విడుదల పొందినవాడే ఆగగలడు. అందుచేతనే ఆ ఆజ్ఞలో యజమానుడు మాత్రమే గాక దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, పరదేశి కూడ లెక్కింపబడిరి. యూదులు శుక్రవారము ప్రొద్దు గ్రుంకకముందే వంట ముగించి, దీపము వెలిగించి, శనివారము రాత్రి నక్షత్రములు కనబడువరకు నిప్పు రాజవేయక యుందురు. వారు పవిత్రపరచునది స్థలమును కాదు, కాలమును.

ఇతరుల ఆచారములు వేరు. మహమ్మదీయులకు శుక్రవారము కూడి ప్రార్థించు దినము. ప్రార్థన ముగిసిన పిమ్మట పనికి పోవచ్చును. మన దేశములో అమావాస్యనాడు పనిముట్లు క్రింద పెట్టు పనివారు అనేకులు. అయితే అది చంద్రుని బట్టి వచ్చును, వారమును బట్టి కాదు. ఆది క్రైస్తవులకు ఆదివారము ప్రభువు లేచిన దినమే గాని సెలవు దినము కాదు. రోమా చక్రవర్తియైన కాన్‌స్టంటైను క్రీ.శ. 321లో ఆదివారము పట్టణములలో పని మానవలెనని ఆజ్ఞాపించెను. కాని పల్లెలలో సేద్యము చేయువారికి మినహాయింపు ఇచ్చెను. అదను తప్పితే పంట పోవునని అతని తలంపు. సేద్యమునకును విశ్రాంతికిని ఉన్న వైరము అంత పాతది.

ఇక ఒంగోలు సంగతి. బాప్తిస్టు మిషనరీయైన జాన్ క్లౌ దొరగారు 1866లో అచ్చట కాపురముండిరి. ఆ యేటనే యెఱ్ఱగుంట్ల పేరయ్యగారు బాప్తిస్మము పొందిరి. ఆయన చర్మపు వ్యాపారము చేయు మాదిగ కులస్థుడు. ఆయన సాక్ష్యముచేత మాదిగపల్లెలలో విశ్వాసులు లేచిరి. క్రొత్తగా చేరినవారికి విధించిన నియమములు మూడే: ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు.

చెప్పుటకు ఇవి చిన్నవే. కాని ఆ దినములలో పల్లె ఎట్లు నడిచెనో ఆలోచించుడి. బావినుండి నీళ్లు తోడు తోలు బానలను కుట్టువాడు మాదిగ. ఎద్దుల వారులు, కాళ్ల చెప్పులు ఆయన చేతి పనియే. కోతకాలమున కళ్లములో కొలిచి ఇచ్చు గింజలే ఆయన కూలి. ఆదివారము ఉదయము బాన చినిగి, చేను ఎండుచుండగా, "ఈ దినము మేము రాము" అని మాదిగలు చెప్పినయెడల కాపునకు కోపము రాకుండునా? అతని నష్టమును నిజమే. అయితే తరతరములుగా పిలిచినప్పుడెల్ల పరుగెత్తిన మనుష్యుడు "రాము" అనుట పెద్దలకు నష్టము కంటె ఎక్కువ అవమానముగా తోచెను. పలుచోట్ల ఊరు ఏకమై విశ్వాసులకు పని ఇయ్యలేదు. చాకలిని, కుమ్మరిని వారికి సాయపడకుండ చేసిరి. వారి విశ్రాంతి సుఖముగా వచ్చినది కాదు.

ఇప్పుడు గుంటూరు సీమకు రండి. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెములో కొన్ని తెలుగు కుటుంబములు తాము ఎఫ్రాయీము సంతానమని చెప్పుకొని, క్రైస్తవ సంఘమును విడిచి, 1991లో సమాజమందిరము స్థాపించుకొనిరి. వారును మాదిగ కులమునుండి వచ్చినవారే. వారు శనివారమును ఆచరింతురు. మనకును వారికిని విశ్వాసములో భేదమున్నది. అయినను వారి కష్టము మనకు తెలిసినదే. వారిలో అనేకులు కూలివారు. శనివారము నాట్లు పడినప్పుడు పొలమునకు పోనివానికి ఆ దినపు కూలి లేదు. మందిరమా, గంజియా అను చిక్కు వారిని విడువదు.

చదువరీ, ఇందు చూడవలసినది ఒకటే. కూలివాడు ఒంటరిగా ఆగలేడు. పని చేయించువాడు ఆగనిచ్చినప్పుడే ఆగగలడు. అందుకే ఆజ్ఞ మొదట యజమానునితో మాటలాడినది. ఒకప్పుడు ఆగినందుకు కూలి పోగొట్టుకొన్నవారి మనుమలలో కొందరికి నేడు ఎకరములున్నవి. నీవు ఆదివారము తెల్లని బట్టలు కట్టుకొని గుడిలో కూర్చుండగా, నీ పొలములో ఎవరు వంగి నాట్లు వేయుచున్నారు? నీ యింట అంట్లు తోమునది ఎవరు? కొలిమి దగ్గరి సహోదరుడు బుధవారము తన యింటివారితో ప్రార్థనకు మోకరించినయెడల నేను అతనిని తప్పుపట్టను. తాను ఆగి, తన కూలివానిని ఆగనీయని వానిని గూర్చియే నాకు భయము.