భాగాల మొత్తం విలువ, హోల్డింగ్ కంపెనీ డిస్కౌంట్

పలు వ్యాపారాలున్న గ్రూపును ఒకే ముద్దగా చూడకుండా, ఒక్కో వ్యాపారానికి విడిగా వెలకట్టి, అందులో గ్రూపు వాటాను మాత్రమే తీసుకుని, ఆ అంకెలు కలిపి, పై కంపెనీ సొంత అప్పును తీసేసి చూసే లెక్కను 'భాగాల మొత్తం విలువ' అంటారు. షేర్ మార్కెట్ వర్గాలు దీన్నే సమ్ ఆఫ్ ది పార్ట్స్ అంటాయి. ఈ మొత్తం కంటే పై కంపెనీ షేర్లకు మార్కెట్ ఇచ్చే ధర తక్కువైతే, ఆ తేడాకే హోల్డింగ్ కంపెనీ డిస్కౌంట్ అని పేరు.

లెక్క చిన్నదిగా కనిపించాలంటే నాయుడుపేటలో ఒక ఉమ్మడి కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. వాళ్లకో రైస్ మిల్లు, విలువ 4 కోట్లు, దాని మీద బ్యాంకు బాకీ కోటిన్నర. లారీలు 60 లక్షలవి. 3 కోట్ల కల్యాణ మండపంలో సగం వాటా. చెన్నై హైవే పక్కన 2 కోట్ల స్థలం. ఇవి కాక ఇంటి పెద్ద పేరు మీద కోటి రూపాయల చేబదులు. మిల్లులో బాకీ పోగా రెండున్నర, లారీలు 60 లక్షలు, మండపంలో సగం కోటిన్నర, స్థలం రెండు. కలిపితే 6.6 కోట్లు, పెద్దాయన అప్పు తీసేస్తే 5.6 కోట్లు. అంటే పదో వంతు విలువ 56 లక్షలు.

ఆ పదో వంతును కొంటానని బయటివాడొకరు వచ్చి 35 లక్షలే ఇస్తానంటాడు. మోసం చేయడానికి కాదు. మిల్లు లాభం తన చేతికి వస్తుందో, మండపం రిపేర్లకు పోతుందో నిర్ణయించేది ఇంటి పెద్ద. స్థలం అమ్మాలంటే అన్నదమ్ములందరూ సంతకం పెట్టాలి, అమ్మితే పన్ను కట్టాలి. ఆస్తి ఉంది, అది తన జేబులోకి వచ్చే దారి మాత్రం తన చేతిలో లేదు. తగ్గిన 21 లక్షలు, అంటే 37.5 శాతం, ఆ దారికి కట్టిన వెల. పెద్ద గ్రూపుల్లో డిస్కౌంట్‌కు కారణాలు కూడా దాదాపు ఇవే.

తెలుగువారి గ్రూపుల్లో ఈ లెక్కకు బాగా పనికొచ్చేది జీఎంఆర్. శ్రీకాకుళం ప్రాంతంలోని రాజాం నుంచి వచ్చిన గ్రంధి మల్లికార్జునరావు కట్టిన గ్రూపు ఇది. 2006లో లిస్ట్ అయిన జీఎంఆర్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అనే ఒక్క షేరు కిందనే ఢిల్లీ, హైదరాబాద్ విమానాశ్రయాలు, విద్యుత్ కేంద్రాలు, రోడ్లు, భూములు ఉండేవి. విమానాశ్రయం మీద ఆశతో షేరు కొన్నవాడు కరెంటు ప్లాంటు అప్పును కూడా మోయాల్సి వచ్చేది.

2020లో ఫ్రాన్స్‌కు చెందిన గ్రూప్ ఏడీపీ, ఆ లిస్టెడ్ కంపెనీలో కాకుండా, దాని కింద విమానాశ్రయాలను మాత్రమే పట్టుకుని ఉన్న జీఎంఆర్ ఎయిర్‌పోర్ట్స్‌లో 49 శాతం వాటాకు 10,780 కోట్ల రూపాయలకు ఒప్పందం చేసుకుంది. ఒక మెట్టు కిందికి దిగి కొనడంలోనే దాని తెలివి ఉంది. పై కంపెనీలోని విద్యుత్, రోడ్ల బరువు దానికి అంటలేదు. ఆ ధర ప్రకారం విమానాశ్రయాల కంపెనీ మొత్తం విలువ 22,000 కోట్లు. పై కంపెనీకి మిగిలే 51 శాతం 11,220 కోట్లు. అప్పట్లో ఉన్న సుమారు 603.6 కోట్ల షేర్లతో భాగిస్తే షేరుకు 18 రూపాయల 59 పైసలు. దీనికి మిగతా వ్యాపారాల విలువ, అమ్మకంలో వచ్చిన నగదు కలిపి, పై కంపెనీ అప్పు తీసేస్తే భాగాల మొత్తం వస్తుంది.

తప్పులు ఎక్కువగా జరిగేది ఈ మెట్ల దగ్గరే. పై కంపెనీ ఏకీకృత ఖాతాల్లో ఢిల్లీ విమానాశ్రయం ఆదాయం నూటికి నూరు పాళ్లూ కనిపిస్తుంది. కానీ అప్పట్లో ఆ విమానాశ్రయంలో జీఎంఆర్ ఎయిర్‌పోర్ట్స్ వాటా 64 శాతం, అందులో లిస్టెడ్ కంపెనీది 51 శాతం. రెండూ గుణిస్తే వాటాదారుకు దక్కేది 32.6 శాతమే. దానికంటే ముందే ఆదాయంలో 45.99 శాతం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి వెళ్తుంది. రెండో తప్పు అప్పు దగ్గర జరుగుతుంది. ఏడీపీ ఇచ్చింది వాటా ధర, అంటే విమానాశ్రయాల అప్పు అందులో ఇప్పటికే తీసేసినట్టు. మళ్లీ తీస్తే ఒకే బాకీని రెండుసార్లు కట్టినట్టవుతుంది. నిర్వహణ లాభాన్ని ఇన్ని రెట్లు అని లెక్కగట్టినప్పుడు మాత్రం అప్పును తీసేయాల్సిందే. ఒక అంకెను చూసినప్పుడు అది అప్పుకు ముందరిదా, తర్వాతదా అని అడగకుండా కూడిక మొదలుపెట్టకూడదు.

భాగాల ధర కూడా రాతి మీద చెక్కింది కాదు. ఒప్పందం పూర్తికాక ముందే కోవిడ్ వచ్చింది. జులై 2020లో రెండో విడత షరతులు మార్చి, 1,060 కోట్ల వరకు భాగాన్ని ఆ తర్వాతి పనితీరుతో ముడిపెట్టారు. అలాంటి షరతుల డబ్బును, షరతు నెరవేరేదాకా లెక్కలో సున్నాగా పెట్టుకోవడమే క్షేమమని నా అభిప్రాయం.

డిస్కౌంట్‌ను తగ్గించడానికి మాటలు చాలవు, మెట్లు తీసేయాలి. జీఎంఆర్ చేసింది అదే. విద్యుత్, పట్టణ మౌలిక వ్యాపారాలను విడదీసి, పది షేర్లున్న ప్రతి వాటాదారుకూ కొత్త కంపెనీ షేరు ఒకటి ఇచ్చారు. ఆ కంపెనీ మార్చి 2022లో విడిగా లిస్ట్ అయింది. జులై 2024లో జీఎంఆర్ ఎయిర్‌పోర్ట్స్‌ను లిస్టెడ్ కంపెనీలోనే కలిపేశారు, ఏడీపీ నేరుగా అందులో వాటాదారు అయింది. మధ్యలో ఉన్న మెట్టు పోయింది.

మెట్టు పోనిచోట డిస్కౌంట్ ఎంత లోతుకు వెళ్తుందో ఎల్సిడ్ ఇన్వెస్ట్‌మెంట్స్ చూపింది. ఏషియన్ పెయింట్స్ షేర్లను పట్టుకుని ఉన్న ఈ కంపెనీ షేరు చాలాకాలం 3 రూపాయల 53 పైసల దగ్గర నిలిచిపోయింది. ఆ ధరకు అమ్మేవాళ్లే లేరు. సెబీ ఇలాంటి హోల్డింగ్ కంపెనీలకు ప్రత్యేక వేలం పెట్టించాక, 2024 అక్టోబర్ 29న అది ఒక్కరోజులో 2,36,250 రూపాయలకు చేరింది. అయినా అప్పటికి షేరుకు పుస్తక విలువ 5,85,225 రూపాయలు. ధర ఎన్ని వేల రెట్లు పెరిగినా, ఆస్తి విలువ మీద ఇంకా 60 శాతం దాకా డిస్కౌంట్ మిగిలే ఉంది. ఆ షేర్లను అమ్మి డబ్బు పంచుతామని యాజమాన్యం చెప్పనంతవరకు కొనేవాడు పూర్తి ధర ఎందుకిస్తాడు?

జీఎంఆర్ కథలో ఎదురు దిక్కు కూడా ఉంది. మలేసియా భాగస్వామి నుంచి హైదరాబాద్ విమానాశ్రయంలో 11 శాతాన్ని 10 కోట్ల డాలర్లకు, మరో భాగస్వామి ఫ్రాపోర్ట్ నుంచి ఢిల్లీలో 10 శాతాన్ని 12.6 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందాలు కుదిరాయి. రెండింటిలోనూ వాటా 74 శాతానికి చేరింది. ఆ ధరలతో లెక్కిస్తే రెండు 74 శాతాల విలువ 160 కోట్ల డాలర్లు, అంటే సుమారు 13,500 కోట్ల రూపాయలు. జులై 2024 విలీనం తర్వాత లిస్టెడ్ కంపెనీ మార్కెట్ విలువ లక్ష కోట్లకు అటూ ఇటూ ఉంది. ఇది డిస్కౌంట్ కాదు, కొన్ని రెట్ల ప్రీమియం. ఆ అంతరంలో గోవా, భోగాపురం, విమానాశ్రయాల చుట్టూ ఉన్న భూములు, చార్జీలు పెరుగుతాయన్న ఆశ ఉన్నాయి. నియంత్రణ లేని చిన్న వాటాను, వెళ్లిపోతున్న భాగస్వామి అమ్మిన ధర కాబట్టి 13,500 కోట్లు తక్కువ అంచనా కావచ్చు. మార్కెట్ ధర ఎక్కువ అంచనా కావచ్చు. ఒకే ఆస్తికి రెండు ధరలు కనిపించినప్పుడు, ఎవరు, ఏ మెట్టు మీద నిలబడి, ఎంత వాటాకు ఆ ధర పెట్టారో చూశాకే వాటిని పోల్చాలి.